లాభం కనిపించింది, డబ్బు కనిపించలేదు: ఫ్రీ క్యాష్ ఫ్లో మీద ఒక ప్రసంగం

అందరికీ నమస్కారం. మీలో చాలామంది షేర్లు కొన్నవాళ్ళే. కాబట్టి షేరు అంటే ఏమిటన్న దగ్గర మొదలుపెట్టను. ఒక్కటి అడుగుతాను, చేతులెత్తక్కర్లేదు, మనసులోనే జవాబు చెప్పుకోండి. మీరు షేర్లు కొన్న కంపెనీ పోయిన ఏడాది ఎంత లాభం చూపించిందో తెలుసా? తెలిసే ఉంటుంది. పేపర్లో వస్తుంది, టీవీలో వస్తుంది. సరే, అదే కంపెనీ చేతికి పోయిన ఏడాది, ఖర్చులన్నీ పోను, ఎంత డబ్బు మిగిలింది? ఇది తెలిసినవాళ్ళు తక్కువ. ఈ రెండూ ఒకటే కదా అనుకునేవాళ్ళే ఎక్కువ. ఒకటి కాదండి. ఇవాళ చెప్పబోయేదంతా ఈ రెండింటి మధ్య ఉన్న తేడా గురించే.

ముందు ఒక లెక్క వేద్దాం. అంకెలు చిన్నవే పెడతాను, భయపడకండి. ఇది నేను ఊహించిన కంపెనీ, దీని వెనక ఎవరూ లేరు. తాగునీటి పథకాలకి పైపులు సరఫరా చేస్తుంది. కొనేది ఎక్కువగా ప్రభుత్వ శాఖలూ, వాళ్ళ కాంట్రాక్టర్లూ. బిల్లులు ఎప్పుడు పాసవుతాయో ఈ గదిలో కొందరికి నాకంటే బాగా తెలుసు.

ఈ కంపెనీ ఏడాదిలో 100 కోట్ల సరుకు అమ్మింది. ముడిసరుకు, జీతాలు, కరెంటు, లారీ కిరాయిలు అన్నీ కలిపి 80 కోట్లు. యంత్రాల మీద తరుగుదల 5 కోట్లు. బ్యాంకు వడ్డీ 3 కోట్లు. మిగిలింది 12. అందులో పన్ను 3 పోతే 9 కోట్లు నికర లాభం. బాగుంది కదా? వందకి తొమ్మిది. పేపర్లో వచ్చేది ఈ తొమ్మిదే.

ఇప్పుడు డబ్బు సంగతి చూద్దాం. పన్నుకు ముందు లాభం 12. దానికి తరుగుదల 5 కలుపుతాం. ఎందుకు? ఆ 5 కోట్లు ఈ ఏడాది ఎవరికీ ఇచ్చింది కాదు. యంత్రం ఎప్పుడో కొన్నారు, డబ్బు అప్పుడే పోయింది. వడ్డీ 3 కూడా కలిపి పక్కన పెట్టుకుందాం, దాని లెక్క చివర్లో చూస్తాం. మొత్తం 20 అయింది. ఇక్కడిదాకా అంతా హాయిగానే ఉంది.

ఇక్కడి నుంచే కథ. ఏడాది మొదట్లో కంపెనీకి రావాల్సిన బాకీలు 20 కోట్లు. ఏడాది చివరికి 34 కోట్లు. అంటే 14 కోట్ల సరుకు అమ్మినట్టు పుస్తకంలో ఉంది, లాభంలో కూడా చేరింది, కానీ డబ్బు రాలేదు. 20లోంచి 14 తీసేయండి. గోడౌన్లో సరుకు 12 కోట్ల నుంచి 15 కోట్లకి పెరిగింది, ఇంకో 3 పోయింది. మనం ముడిసరుకు వాళ్ళకి ఇవ్వాల్సింది 2 కోట్లు పెరిగింది, అంటే వాళ్ళకి ఆలస్యంగా ఇస్తున్నాం, ఆ 2 మన దగ్గరే ఉంది, కలపండి. ఎంత తేలింది? 5 కోట్లు. పన్ను 3 కట్టాం. మిగిలింది 2. దీన్నే ఆపరేటింగ్ క్యాష్ ఫ్లో అంటాం. వ్యాపారం నడిపితే చేతికొచ్చిన డబ్బు.

లాభం 9. చేతికొచ్చింది 2. ఇంకా అయిపోలేదు. పాత యంత్రాల బదులు కొత్తవి కొన్నారు, షెడ్డు కొంచెం పెంచారు, 6 కోట్లు. దీన్ని క్యాపెక్స్ అంటాం. 2లోంచి 6 తీస్తే మైనస్ 4. ఇదే ఫ్రీ క్యాష్ ఫ్లో. వ్యాపారం నుంచి వచ్చిన డబ్బులోంచి, ఆ వ్యాపారం నిలబడడానికీ పెరగడానికీ పెట్టిన పెట్టుబడి తీసేస్తే మిగిలేది. ఈ కంపెనీకి మిగల్లేదు, తక్కువ పడింది. వడ్డీ 3 కూడా కట్టాలి కదా, మైనస్ 7. అయినా లాభం వచ్చింది కాబట్టి వాటాదారులకి 2 కోట్లు డివిడెండ్ ఇచ్చారు. మొత్తం 9 కోట్లు తక్కువ. ఎక్కడి నుంచి తెచ్చారు? బ్యాంకు నుంచి.

చూశారా, 9 కోట్ల లాభం, 9 కోట్ల కొత్త అప్పు. ఇందులో ఒక్క దొంగ ఎంట్రీ కూడా లేదు, అది గమనించండి. ఆడిటర్ సంతకం పెడతాడు, పెట్టాలి కూడా. లెక్కల నియమాల ప్రకారం సరుకు అప్పగించి, హక్కు కొనేవాడికి మారిన రోజే అమ్మకం. డబ్బు ఎప్పుడు వస్తుందన్నది వేరే సంగతి. డివిడెండ్ అప్పు తెచ్చి ఇచ్చారన్న సంగతి మాత్రం లాభనష్టాల ఖాతా ఎంతసేపు చూసినా మీకు దొరకదు.

అలాగని లాభం అనే అంకె పనికిరాదంటున్నానా? కాదు. లాభం లెక్కని కనిపెట్టిందే ఒక మంచి కారణానికి. ఒక కంపెనీ ఇవాళ 100 కోట్లు పెట్టి పదేళ్ళు నడిచే ప్లాంటు కట్టిందనుకోండి, డబ్బు లెక్క ప్రకారం ఈ ఏడాది ఘోరంగా, వచ్చే తొమ్మిదేళ్ళు అద్భుతంగా కనిపిస్తుంది. రెండూ నిజం కాదు. అందుకని ఆ ఖర్చుని పదేళ్ళకి పంచుతాం. మంచిదే. కానీ పంచాలంటే ఎవరో ఒకరు నిర్ణయించాలి కదా? ప్లాంటు పదేళ్ళు నడుస్తుందా, పదిహేనేళ్ళా? ఈ బాకీ వస్తుందా, రాదా? ఈ ఖర్చు ఈ ఏడాదిదా, ఆస్తి కింద రాసుకోవచ్చా? ఈ నిర్ణయాలు తీసుకునేది ఎవరు? కంపెనీ మేనేజ్‌మెంటే. ఆ మేనేజ్‌మెంట్ బోనస్ దేని మీద ఉంటుంది? చాలాసార్లు లాభం మీదే. ఇన్వెస్టర్లు డబ్బు లెక్క వైపు మొగ్గడానికి అసలు కారణం ఇదీ. ఇందులో ఎవరో ఒకరు నిర్ణయించాల్సిన చోట్లు తక్కువ.

దీనికి నాకు తెలిసిన అన్నిటికంటే మంచి ఉదాహరణ మన దేశానిది కాదు, అమెరికాది. వరల్డ్‌కామ్. పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. ఆ రోజుల్లో అమెరికాలో దూరప్రాంత ఫోన్ కాల్స్‌లో ఏటీ అండ్ టీ తర్వాత రెండోది. 2002 జూన్ 25న లెక్కలు తప్పని ప్రకటించింది, నెల తిరగకుండానే జులై 21న దివాలా పిటిషన్ వేసింది. అప్పటికి అమెరికా చరిత్రలో అంతకంటే పెద్ద దివాలా లేదు.

వాళ్ళు చేసిన పని చాలా తేలికగా అర్థమవుతుంది, అందుకే చెబుతున్నాను. వరల్డ్‌కామ్ కస్టమర్ ఫోన్ చేస్తే ఆ కాల్ మొదటినుంచి చివరిదాకా వరల్డ్‌కామ్ తీగల మీదే పోదు. వేరే ఫోన్ కంపెనీల లైన్లు వాడుకోవాలి, దానికి వాళ్ళకి డబ్బు కట్టాలి. దీన్ని లైన్ కాస్ట్ అంటారు. కంపెనీకి ఉన్న ఖర్చుల్లో పెద్దది అదే. ఏ నెల ఖర్చు ఆ నెలదే, అందులో సందేహం ఏమీ లేదు. 2001లో వ్యాపారం దెబ్బతింది, లాభం పడిపోతోంది. అప్పుడు సీఎఫ్ఓ స్కాట్ సల్లివన్ ఆధ్వర్యంలో లైన్ కాస్ట్‌లో కొంత భాగాన్ని ఖర్చు ఖాతాలోంచి తీసి ఆస్తి ఖాతాలో పెట్టడం మొదలుపెట్టారు. ఇంటద్దె కట్టి, పుస్తకంలో మాత్రం ఇల్లు కొన్నానని రాసుకున్నట్టు. 2001 ఒక్క ఏడాదిలోనే ఇలా మార్చింది దాదాపు 305 కోట్ల డాలర్లు. కోట్లలోనే చెబుతాను, బిలియన్లంటే మళ్ళీ మనసులో గుణించుకోవాలి. 2002 మొదటి మూడు నెలల్లో ఇంకో 80 కోట్ల దాకా.

ఇప్పుడు జాగ్రత్తగా వినండి, ఇవాళ్టి ప్రసంగంలో నాకు ముఖ్యమైన చోటు ఇదే. ఈ మార్పు వల్ల ఏ అంకె ఎటు కదిలింది?

లాభం పెరిగింది. ఖర్చు తగ్గింది కాబట్టి. ఆస్తిగా రాశాక ఏటా కొంచెం కొంచెం తరుగుదల కింద వస్తుంది, అది చిన్న మొత్తం. సరే. ఎబిటా, అంటే వడ్డీ, పన్ను, తరుగుదలకు ముందు లాభం, అది ఇంకా ఎక్కువ పెరిగింది, ఎందుకంటే ఆ చిన్న తరుగుదల కూడా అందులో కనిపించదు. టెలికాం కంపెనీలని ఎబిటాతోనే కొలవాలని అప్పట్లో అందరూ చెప్పేవాళ్ళు, ఆ సంగతి గుర్తుపెట్టుకోండి. మరి ఆపరేటింగ్ క్యాష్ ఫ్లో? అది కూడా పెరిగింది! చాలామంది ఇక్కడ పొరబడతారు. ఆపరేటింగ్ క్యాష్ ఫ్లో చూస్తే చాలు, అన్నీ తెలిసిపోతాయనుకుంటారు. లైన్ కాస్ట్‌కి కట్టిన డబ్బుని ఆస్తి కొనడానికి కట్టిన డబ్బుగా రాశారు కాబట్టి, అది ఆపరేటింగ్ విభాగంలోంచి మాయమై, కింద పెట్టుబడి విభాగంలో, క్యాపెక్స్‌లో తేలింది.

తేలింది. మాయమైపోలేదు. డబ్బు బయటికి పోయింది కదా, ఎక్కడో ఒకచోట రాయాలి. అందుకే ఆపరేటింగ్ క్యాష్ ఫ్లోలోంచి క్యాపెక్స్ తీసేస్తే వచ్చే ఫ్రీ క్యాష్ ఫ్లో ఒక్క డాలరు కూడా కదల్లేదు.

అంకెలతో చూద్దాం. 2001కి వాళ్ళు చూపించిన ఆపరేటింగ్ క్యాష్ ఫ్లో దాదాపు 799 కోట్ల డాలర్లు. క్యాపెక్స్ దాదాపు 789. మిగిలింది 10. ఇప్పుడు ఆ 305 కోట్లు సరైన చోట పెట్టండి. 799 కాస్తా 494 అవుతుంది. 789 కాస్తా 484 అవుతుంది. మిగిలింది? అదే 10. మోసం చేసినా 10, చేయకపోయినా 10. వాటాదారులకి చూపించిన లాభం మాత్రం వంద కోట్ల డాలర్లకు పైనే, సరిదిద్దితే అది నష్టం. ఫ్రీ క్యాష్ ఫ్లో చూసినవాడికి మోసం సంగతి తెలియకపోయినా, ఇంత పెద్ద కంపెనీలో దాదాపు ఏమీ మిగలడం లేదన్న నిజం మాత్రం ఆ రోజే తెలుసు.

ఇంకో ఏడాది వెనక్కి వెళ్దాం. 1999లో ఫ్రీ క్యాష్ ఫ్లో దాదాపు 229 కోట్ల డాలర్లు ప్లస్‌లో ఉంది. 2000కి వచ్చేసరికి ఆపరేటింగ్ క్యాష్ ఫ్లో 767, క్యాపెక్స్ 1,148. అంటే 380 కోట్ల లోటు. ఒక్క ఏడాదిలో 600 కోట్ల డాలర్ల తేడా! అదే ఏడాది చూపించిన లాభం ఎంతో తెలుసా? దాదాపు 415 కోట్లు. లాభం 415 ప్లస్, డబ్బు 380 మైనస్. ఇది దొంగచాటు సమాచారం కాదండి. వార్షిక నివేదికలో అచ్చయింది, ఎవరైనా చదవొచ్చు.

అయితే 2000లో ఆ లోటంతా మోసమా? కాదు, న్యాయంగా చెప్పాలి. ఆ క్యాపెక్స్‌లో చాలా భాగం నిజమైనదే. ఇంటర్నెట్ బూమ్‌లో అన్ని టెలికాం కంపెనీలూ భూమిలో ఫైబర్ పాతిపెట్టాయి. లైన్ కాస్ట్‌ని ఆస్తిగా మార్చడం 2001లోగానీ మొదలవ్వలేదు. అంతకుముందు వాళ్ళ పద్ధతి వేరు. ముందు ఏళ్ళలో రాబోయే బిల్లుల కోసం అని కేటాయించి పెట్టిన మొత్తాలని, ఇక అక్కర్లేదని తిరిగి లాభంలోకి వదిలేవాళ్ళు. దాని వల్ల లాభం పెరుగుతుంది. డబ్బు? ఒక్క డాలరు రాదు, ఎందుకంటే అది పుస్తకంలో ఒక ఎంట్రీ మాత్రమే. రెండు రకాల గారడీ, రెండూ లాభంలో పనిచేశాయి, ఫ్రీ క్యాష్ ఫ్లోలో రెండూ పనిచేయలేదు.

చివరికి పట్టుకున్నది బయటి ఆడిటర్లు కాదు, ఆర్థర్ ఆండర్సన్ సంతకాలు పెడుతూనే ఉంది. కంపెనీ లోపలి ఆడిట్ విభాగం అధిపతి సింథియా కూపర్, ఆమె బృందం. క్యాపెక్స్‌లో ‘ప్రీపెయిడ్ కెపాసిటీ’ అని ఒక పద్దు కనిపించింది. అంటే ఏమిటని అడిగితే సరిగ్గా చెప్పినవాళ్ళు లేరు. ఆ దారం పట్టుకుని లాగారు. చూడండి, దొరికింది కూడా క్యాపెక్స్‌లోనే.

ఇప్పుడు మీలో ఎవరో అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. మరి మన సత్యం సంగతేమిటి? హైదరాబాద్‌లో నిలబడి ఈ విషయం మాట్లాడుతూ సత్యం పేరెత్తకపోతే తప్పే అవుతుంది.

2009 జనవరి 7న, లెక్కలు తప్పని ఒప్పుకుంటూ సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు గారి లేఖ వచ్చింది. 2008 సెప్టెంబరు చివరికి పుస్తకాల్లో నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్ల రూపాయలని ఉంది, అందులో 5,040 కోట్లు లేవు. ఆ మూడు నెలల ఆదాయం 2,700 కోట్లని చూపించారు, నిజానికి 2,112. నిర్వహణ లాభం 649 కోట్లని చూపించారు, నిజానికి 61. ఇక్కడ ఫ్రీ క్యాష్ ఫ్లో కాపాడిందా? లేదు. ఎందుకంటే వాళ్ళు లాభం ఒక్కటే కల్పించలేదు, ఆ లాభానికి తగ్గ డబ్బుని కూడా కల్పించారు. బ్యాంకు డిపాజిట్లే లేనివి ఉన్నట్టు చూపించాక ఇంక క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్ ఏం చెబుతుంది? అది కూడా అబద్ధమే చెబుతుంది. వరల్డ్‌కామ్ నిజంగా పోయిన డబ్బుకి తప్పు పేరు పెట్టింది. సత్యం లేని డబ్బుని ఉందని రాసింది. ఈ తేడా మనసులో ఉంచుకోండి. ఫ్రీ క్యాష్ ఫ్లో మొదటి రకాన్ని బయటపెడుతుంది, రెండోదాన్ని పెట్టదు.

మరి రెండోదానికి మార్గం లేదా? కొంత ఉంది. ఫ్రీ క్యాష్ ఫ్లో బాగుందంటే, ఆ డబ్బు ఎటు పోయిందో అడగండి. అప్పు తీర్చారా? డివిడెండ్ ఇచ్చారా? బైబ్యాక్ చేశారా? ఇవి బయటివాళ్ళ చేతికి నిజంగా అందే డబ్బు, వీటిని కల్పించడం కష్టం. ఏమీ చేయకుండా ఏళ్ళ తరబడి బ్యాంకులోనే పేరుస్తున్నారంటే, దాని మీద వడ్డీ ఎంత వచ్చిందో చూడండి. ‘ఇతర ఆదాయం’ నోట్‌లో ఉంటుంది. నగదు నిల్వ ఎంతో చూసి, ఫిక్స్‌డ్ డిపాజిట్ రేటుతో పోల్చండి. మరీ తక్కువగా ఉంటే ప్రశ్న వేయాల్సిందే. సరిపోయినా, ఆ వడ్డీ నిజంగా చేతికొచ్చిందా, రావాల్సిందని రాసుకున్నారా చూడండి. సత్యం లేఖలోనే, రావాల్సిన వడ్డీ అని రాసుకున్న 376 కోట్లు కూడా లేనివే అని ఉంది.

ఇక మీరు ఇంటికెళ్ళి వార్షిక నివేదిక తెరిస్తే ఎక్కడ చూడాలో రెండు మాటలు. క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్‌లో మూడు భాగాలుంటాయి, ఆపరేటింగ్, ఇన్వెస్టింగ్, ఫైనాన్సింగ్. మొదటి భాగం చివరి వరుస తీసుకోండి. రెండో భాగంలో ఆస్తి, ప్లాంట్, యంత్రాల కొనుగోలు అన్న వరుస తీసుకోండి. దాని పక్కనే ఇంటాంజిబుల్ ఆస్తుల కొనుగోలు అని ఉంటే అది కూడా తీసేయండి, వదిలిపెట్టకండి. మందుల కంపెనీలు, సాఫ్ట్‌వేర్ ఉత్పత్తుల కంపెనీలు పరిశోధన, అభివృద్ధి ఖర్చులో కొంత భాగాన్ని అక్కడ పెడతాయి. కొన్ని షరతులకి లోబడి నియమాలు దాన్ని ఒప్పుకుంటాయి కూడా. ఒప్పుకున్నా మీరు తీసేయండి. డబ్బు పోయింది కదా.

మన దేశంలో ఇంకో మెలిక ఉంది. ఇండ్ ఏఎస్ అనే మన లెక్కల నియమాల ప్రకారం మామూలు కంపెనీలు కట్టిన వడ్డీ ఆపరేటింగ్‌లో రాదు, మూడో భాగంలో, ఫైనాన్సింగ్‌లో వస్తుంది. అందుకే ఇందాక పైపుల కంపెనీ లెక్కలో వడ్డీని చివర్లో తీశాను. వాటాదారుడికి ఏం మిగిలిందో తెలియాలంటే అది కూడా తీయాలి. అలాగే అద్దెలు. 2019 ఏప్రిల్ నుంచి ఇండ్ ఏఎస్ 116 వచ్చింది. అప్పటి నుంచి దుకాణాల దీర్ఘకాలపు అద్దెలు కూడా లీజు చెల్లింపులుగా ఫైనాన్సింగ్‌లోకే వెళ్ళిపోయాయి. వందల దుకాణాలు అద్దెకి తీసుకున్న బట్టల కంపెనీనో, సూపర్‌మార్కెట్ కంపెనీనో చూడండి. ఆ ఏడాది ఆపరేటింగ్ క్యాష్ ఫ్లో ఒక్కసారిగా పెరిగినట్టుంటుంది. వ్యాపారం మారలేదు, అద్దె కట్టడం ఆపలేదు, రాసే చోటు మారింది, అంతే. ఆ లీజు చెల్లింపులు మీరే తీసేసుకోవాలి.

ఒక్క ఏడాది చూసి మాత్రం ఏ నిర్ణయానికీ రాకండి. మార్చి 31కి రెండు పెద్ద బిల్లులు ఏప్రిల్లోకి జారితే ఆ ఏడాది అంకె పాడవుతుంది. అలాగే మార్చిలో సప్లయర్లకి చెల్లింపులు ఆపేస్తే అంకె అందంగా తయారవుతుంది, ఏప్రిల్లో వాళ్ళు వచ్చి కూర్చుంటారు! అందుకని నేనైతే కనీసం ఏడెనిమిదేళ్ళు కలిపి చూస్తాను. అన్నేళ్ళ నికర లాభం ఒకవైపు కూడతాను, అన్నేళ్ళ ఆపరేటింగ్ క్యాష్ ఫ్లో ఇంకోవైపు. ఆలస్యంగా వచ్చే బాకీలు అంత కాలంలో వచ్చేయాలి. తరుగుదల తిరిగి కలుస్తుంది కాబట్టి రెండోది మొదటిదానికంటే ఎక్కువే ఉండాలి మామూలుగా. సగం కూడా లేదంటే ఆ లాభం ఎక్కడో ఇరుక్కుంది, బాకీల్లోనో, గోడౌన్లోనో. ఏ వరుసలో ఇరుక్కుందో బ్యాలెన్స్ షీట్ చూస్తే దొరుకుతుంది.

ఫ్రీ క్యాష్ ఫ్లో మైనస్ అయితే కంపెనీ చెడ్డదనా? కాదు. జియో నెట్‌వర్క్ కట్టిన ఏళ్ళలో రిలయన్స్ ఫ్రీ క్యాష్ ఫ్లో బాగా మైనస్‌లో ఉంది. అది మోసం కాదు, పందెం. డబ్బు ఎటు పోతోందో అందరికీ కనిపిస్తోంది, టవర్లు లేచాయి, 2016 సెప్టెంబరులో సర్వీసు మొదలైంది. అలాంటిచోట ప్రశ్న వేరు. మైనస్‌ని భరించే శక్తి ఎవరికుంది, ఎన్నేళ్ళు, అప్పు ఏ రేటుకి? ఇందాకటి పైపుల కంపెనీ మైనస్ అలాంటిది కాదు. అక్కడ కొత్తగా కట్టింది చిన్న షెడ్డే, డబ్బంతా రాని బిల్లుల్లో ఉంది. రెండూ మైనస్సే. ఏ వరుస వల్ల మైనస్ అయిందో చూడకుండా రెండింటినీ ఒకటే అనకూడదు.

ఆఖరుగా, బ్యాంకులకీ, ఎన్‌బీఎఫ్‌సీలకీ, బీమా కంపెనీలకీ ఈ లెక్క వేయకండి. అప్పు ఇవ్వడమే బ్యాంకు వ్యాపారం. అప్పులు ఎక్కువ ఇచ్చిన ఏడాది ఆపరేటింగ్ క్యాష్ ఫ్లో మైనస్ అవుతుంది, డిపాజిట్లు ఎక్కువ వచ్చిన ఏడాది ప్లస్ అవుతుంది, దాంట్లోంచి మంచిచెడ్డలు ఏమీ తేలవు. వాటికి మొండి బాకీలు, వాటికి చేసిన కేటాయింపులు చూడాలి, అది వేరే చర్చ. ఇంక మీ ప్రశ్నలు తీసుకుంటాను. వార్షిక నివేదికలు వెంట తెచ్చుకున్నవాళ్ళు ముందుకి రండి, పేజీ తెరిచే మాట్లాడుకుందాం.